బులీమియాకు సీబీటీ: డైరీని పొద్దున్నుంచి చదవండి

"మేడమ్, రాత్రిళ్లు తినడం ఎలా ఆపాలి?" బెంగళూరులో నా థెరపీ గదికి వచ్చే తెలుగు పిల్లలు దాదాపు అందరూ ఇదే అడుగుతారు. రాసి అడిగేవాళ్లదీ ఇదే ప్రశ్న. నా జవాబు వాళ్లకు మొదట నచ్చదు. రాత్రి సంగతి తర్వాత చూద్దాం, ముందు పొద్దున టిఫిన్ తినండి అంటాను.

బులీమియా అంటే ఏదో కొంచెం ఎక్కువ తినేయడం కాదు. అదుపు తప్పి, ఆపలేక, మామూలుగా ఎవరూ ఒక్కసారికి తిననంత తినడం (దీన్నే బింజ్ అంటాం), ఆ తర్వాత బరువు పెరుగుతామన్న భయంతో వాంతి చేసుకోవడం, విరేచనాల మాత్రలు మింగడం, మర్నాడంతా పస్తుండటం లేదా ఒళ్లు హూనమయ్యేలా వ్యాయామం చేయడం. ఇవి సగటున వారానికి ఒక్కసారైనా, మూడు నెలలుగా జరుగుతుంటే, మనసులో తన విలువంతా బరువు, ఆకారం చుట్టూనే తిరుగుతుంటే అప్పుడు ఆ పేరు పెడతారు.

దీనికి వాడే సీబీటీ, అంటే ఆలోచనల్నీ అలవాట్లనూ కలిపి మార్చే మాటల చికిత్స, సుమారు 20 వారాలు, 20 సెషన్లు. మొదటి నాలుగు వారాలు వారానికి రెండుసార్లు కలుస్తాం, తర్వాత వారానికి ఒకటి, చివర్లో రెండు వారాలకొకటి. ఇక్కడ నేను రాసేది అందులో గుండెకాయ లాంటి భాగం గురించే: వేళకు తినడం, డైరీ చదవడం, చివర్లో తిరగబెట్టకుండా చూసుకోవడం. థెరపిస్ట్‌తో కలిసి చేస్తే మంచిది. ఇంకా ఎవరూ దొరకలేదంటే, కింది మొదటి అంకె దాటాక డైరీ, వేళలు మీరే మొదలుపెట్టొచ్చు.

1. అన్నిటికన్నా ముందు డాక్టర్

ఇది దాటేసి రెండో అంకెకు వెళ్లొద్దు. వాంతులు, విరేచనాల మాత్రల వల్ల రక్తంలో పొటాషియం పడిపోతుంది, దాంతో గుండె లయ తప్పొచ్చు. పైకి మనిషి బాగానే కనిపిస్తుంది, ఆఫీసుకు కూడా వెళ్తుంటుంది, అదే ప్రమాదం.

- రక్తంలో పొటాషియం, సోడియం, కిడ్నీ పరీక్షలు, బీపీ, ఈసీజీ.
- ఒకసారి పళ్ల డాక్టర్. వాంతి అయిన వెంటనే బ్రష్ చేయకండి, ఆమ్లంతో మెత్తబడిన పంటి పైపొర ఇంకా అరిగిపోతుంది. నీళ్లతో పుక్కిలించి ఊరుకోండి.
- విరేచనాల మాత్రలు రోజూ వాడుతుంటే డాక్టర్ చెప్పినట్టు ఆపండి. ఆపాక కొన్నాళ్లు కాళ్లు, ముఖం ఉబ్బొచ్చు. అది ఒంట్లో నీరు, కొవ్వు కాదు, తగ్గిపోతుంది.
- షుగర్‌కు ఇన్సులిన్ తీసుకుంటున్నా, గర్భవతి అయినా, బరువు బాగా తక్కువున్నా ఈ ప్లాన్‌ను సొంతంగా మొదలుపెట్టొద్దు.

కళ్లు తిరిగి పడిపోవడం, గుండె దడ, వాంతిలో రక్తం, కండరాలు బలం లేనట్టు అయిపోవడం ఉంటే ఆ రోజే హాస్పిటల్‌కు వెళ్లండి, అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు. చచ్చిపోవాలనిపిస్తుంటే పక్కన ఒక మనిషిని పెట్టుకుని 14416కు ఫోన్ చేయండి, అది టెలీ మానస్, ఏ వేళలోనైనా ఎత్తుతారు.

2. డైరీ ఎలా రాయాలి

కేలరీలు రాయొద్దు. గ్రాములు రాయొద్దు. ఫోన్‌లో కేలరీల యాప్ ఉంటే ముందు దాన్ని తీసేయండి, అది జబ్బు పక్షాన పనిచేస్తుంది.

ఒక్కో వరుసలో రాయాల్సినవి ఇవే:

- టైమ్
- ఏం తిన్నారు, ఏం తాగారు (మామూలు మాటల్లో: "రెండు ఇడ్లీ, చట్నీ")
- ఎక్కడ
- మీకు "అతి" అనిపిస్తే పక్కన ఒక స్టార్
- వాంతి అయితే "వా", మాత్రలు వేసుకుంటే "మా"
- అప్పుడు ఏం జరుగుతోంది, మనసులో ఏముంది

తిన్న వెంటనే రాయాలి. రాత్రి పడుకునే ముందు రోజంతా గుర్తు చేసుకుని రాస్తే అది డైరీ కాదు, వాంగ్మూలం. అప్పటికి మధ్యాహ్నం ఏమనిపించిందో గుర్తుండదు, రాత్రి సిగ్గు ఒక్కటే పేజీ అంతా పరుచుకుంటుంది. ఆఫీసులో నోట్‌బుక్ తీయలేమంటే ఫోన్ నోట్స్‌లో కొట్టుకోండి.

ఎక్కువమంది చేసే తప్పు, బింజ్ అయిన రోజు పేజీ ఖాళీగా వదిలేయడం. "అది రాయడానికి చేయి రాలేదు మేడమ్" అంటారు. అలాంటి రోజు ఏం తిన్నారో అన్నీ రాయలేకపోతే టైమ్, స్టార్ ఈ రెండే రాయండి, సెషన్‌లో మిగతాది మాట్లాడుకుందాం.

3. వేళకు తినడం

రోజుకు మూడు భోజనాలు, మధ్యలో రెండు మూడు చిరుతిళ్లు. మూడు నాలుగు గంటలకు మించి ఖాళీ ఉండకూడదు. ఆ వేళల మధ్యలో తినకూడదు. రూల్ ఇంతే, కానీ ఇది చేయగలిగితే చాలామందికి బింజ్‌లు తగ్గడం కళ్లకు కనిపిస్తుంది.

మొదట్లో ఏం తింటున్నారన్నది నేను అడగను, ఎప్పుడు తింటున్నారన్నదే అడుగుతాను. మీకు భయం లేని తిండితోనే మొదలుపెట్టండి. ఒక్కటే షరతు, తిన్నది లోపల ఉండాలి. తర్వాత వాంతి చేసుకోవాలనిపించేదైతే ఇప్పటికి అది వద్దు.

ఆకలి వేసినప్పుడు తింటాను అనకండి. నెలల తరబడి పస్తులు, బింజ్‌లు నడిచాక ఆకలి, కడుపు నిండటం రెండూ తప్పుడు లెక్కలు చెబుతాయి. రెండు ఇడ్లీలకే పొట్ట పగిలిపోయేలా ఉందనిపిస్తుంది. కొన్ని వారాలు గడియారాన్నే నమ్మండి.

రోజంతా ఒక్కసారే సరిచేయాల్సిన పని కూడా లేదు. రోజులో ఏ భాగం తక్కువ గందరగోళంగా ఉంటుందో అక్కణ్ణుంచి మొదలుపెట్టండి, చాలామందికి అది పొద్దున. అది నాలుగైదు రోజులు నిలబడ్డాక మధ్యాహ్నం, ఆపైన సాయంత్రం.

ఉపవాసాల సంగతి తప్పకుండా వస్తుంది మనవాళ్లలో. శనివారం ఒక్కపూట, కార్తీక సోమవారం, ఏకాదశి. ఈ 20 వారాలు ఉపవాసం వద్దు. ఇంట్లో అడిగితే డాక్టర్ ఒప్పుకోలేదని చెప్పండి. ఒకమ్మాయి శనివారం ఉపవాసం ఎన్నాళ్లుగా అని అడిగితే ఏడాదిగా అంది, ఏడాది కిందటే డైటింగ్ మొదలైంది కూడా. కొన్నిసార్లు జబ్బు భక్తి చీర కట్టుకుని వస్తుంది, ఎవరూ అనుమానించరు.

4. డైరీ చదవడం: ఒక మంగళవారం

ఇక్కడ కాస్త ఆగుదాం. డైరీ రాయించుకుని, పైపైన చూసి "బాగుంది, ఇలాగే రాయండి" అనే థెరపిస్టులు ఉన్నారు. అలా చేస్తే రెండో వారానికి డైరీ ఆగిపోతుంది, ఆగడం న్యాయం కూడా.

ఈ పేజీ ఒక్కరిది కాదు, నేను చూసిన చాలామందిని కలిపి తయారుచేసిన అమ్మాయిది. వయసు 24, గుంటూరు వైపు నుంచి వచ్చింది, బీటీఎం లేఅవుట్‌లో పీజీ, అవుటర్ రింగ్ రోడ్ మీద ఆఫీసు. రెండో సెషన్‌కు తెచ్చిన మంగళవారం పేజీ:

- 8:40 – కాఫీ, చక్కెర లేకుండా – పీజీ – "నిన్న రాత్రి తిన్నదానికి ఈ రోజు టిఫిన్ కట్"
- 1:30 – కీర దోసకాయ ముక్కలు, మజ్జిగ – క్యాంటీన్ – "అందరూ బిర్యానీ తింటున్నారు. నేను కంట్రోల్‌లో ఉన్నాను"
- 5:10 – టీ – ఆఫీసు
- 6:30 – బర్త్‌డే కేక్, చిన్న ముక్క – ఆఫీసు – స్టార్ – "అయిపోయింది. రోజు పాడైంది"
- 9:20 – ఏమీ తినలేదు – క్యాబ్ – "అమ్మ ఫోన్. అబ్బాయి వాళ్లు ఫోటో అడిగారట"
- 9:50 – అన్నం, సాంబారు, మళ్లీ అన్నం, బ్రెడ్ ప్యాకెట్, రూమ్‌మేట్ డబ్బాలో జంతికలు – పీజీ – స్టార్, వా – "నేను మనిషినేనా"

"ఈ రోజు ఎక్కడ చెడింది?" అని అడిగాను. వేలు తిన్నగా 9:50 మీద పెట్టింది. ఎవరైనా అక్కడే పెడతారు. స్టార్ నుంచి వెనక్కి చదివితే ఈ అమ్మాయికి అదుపు లేదు అనిపిస్తుంది, రేపు ఇంకా గట్టిగా ఉండాలనిపిస్తుంది, అంటే రేపు కూడా టిఫిన్ కట్.

"పై నుంచి చదవండి, గట్టిగా" అన్నాను. చదివింది. ముందు రాత్రి తిన్నది వాంతి చేసుకుంది, ఆ తర్వాత మర్నాడు సాయంత్రం కేక్ దాకా ఒంటికి దక్కింది కాఫీ, దోసకాయ, మజ్జిగ, టీ. కాసేపు పేజీ చూసి, "మా నాన్న ఇలా ఉంటే నేనే తిట్టి తినిపించేదాన్ని" అంది.

ప్రతి స్టార్ దగ్గరా నాలుగు ప్రశ్నలు అడుగుతాం. దానికి ముందు ఎంతసేపు ఖాళీ కడుపుతో ఉన్నారు? తిండి విషయంలో ఏదైనా రూల్ తప్పారా? మనసును ఏదైనా గుచ్చిందా? మద్యం లాంటిదేమైనా తీసుకున్నారా? ఈ మంగళవారం మొదటి మూడూ ఉన్నాయి. పొద్దున్నుంచి పస్తు. "స్వీట్ ముట్టకూడదు" అన్న రూల్ చిన్న కేక్ ముక్కతో తెగింది, తెగాక ఎలాగూ పాడైందిగా అన్న ఆలోచన వచ్చింది. తర్వాత అమ్మ ఫోన్. (ఆ కేక్ ముక్క అసలు బింజ్ కాదని గమనించారా? కానీ తనకు అతి అనిపించింది, స్టార్ పెట్టింది, అది తీయించను. రూల్ ఎంత కఠినంగా ఉందో ఆ స్టారే చెబుతోంది.)

మూడు కారణాలుంటే దేనితో మొదలుపెట్టాలి? పెళ్లి సంబంధం గురించి అమ్మతో మాట్లాడటం అవసరమే, కానీ అది ఒక్క వారంలో తేలేది కాదు. పస్తు మాత్రం రేపే మార్చొచ్చు. పైగా కడుపు ఖాళీగా ఉన్నప్పుడు మిగతా రెండూ రెట్టింపు బలంతో కొడతాయి. అందుకే ఎప్పుడూ ఖాళీతోనే మొదలు.

కలిసి రాసుకున్న గురువారం ప్లాన్:

- 8:30 – పీజీలో రెండు ఇడ్లీ, చట్నీ, కాఫీ
- 11:30 – అరటిపండు
- 1:45 – క్యాంటీన్‌లో చపాతీ, పప్పు, కూర, పెరుగు
- 4:45 – టీ, రెండు బిస్కెట్లు
- 7:30 – బయల్దేరే ముందు ఆఫీసులోనే శాండ్‌విచ్
- 9:50 – పీజీలో భోజనం

7:30ది నేనే పట్టుబట్టి పెట్టించాను. ట్రాఫిక్‌లో పడి పీజీ చేరేసరికి పది అవుతుంది, 4:45 నుంచి అప్పటిదాకా ఐదు గంటల ఖాళీ. చెన్నైలో ఓఎంఆర్ మీద పనిచేసేవాళ్లకూ ఇదే గొడవ. ప్లాన్ కాగితం మీద బాగుంటే సరిపోదు, మీ క్యాబ్ టైమ్‌కు, పీజీ వంటగది మూసే టైమ్‌కు సరిపోవాలి.

గురువారం డైరీలో 8:30 దగ్గర ఇడ్లీ ఉంది, 11:30 ఖాళీ, రాత్రి స్టార్ ఉంది. "పనిచేయలేదు" అంది. నేను టిఫిన్ గురించే పావుగంట అడిగాను: తిన్నాక ఏమనిపించింది, పొట్ట ఎప్పటికి తేలికైంది, పదకొండింటికి మీటింగ్‌లో ఎలా ఉంది. మొదటి వారంలో స్టార్లు తగ్గాయా అని చూడను, వేళలు నిలబడ్డాయా అని చూస్తాను. మొదటి వారం ఆరు రాత్రుళ్లు స్టార్, రెండో వారం ఐదు, మూడో వారం మూడు, నాలుగో వారం రెండు.

నాలుగు వారాలకు అసలు కదలిక లేకపోతే అలాగే నెట్టుకుపోకూడదు. మొదటి నెలలో వచ్చే మార్పును బట్టి చివరికి ఎలా ఉంటుందో చాలావరకు తెలుస్తుంది. డిప్రెషన్ ఉందా, తాగుడు ఉందా, ప్లాన్ నిజంగా చేస్తున్నారా అని చూసి, సైకియాట్రిస్ట్‌ను కలవాలి. ఫ్లుయోక్సెటీన్ అనే మందు బులీమియాకు ఇస్తారు, మోతాదు ఆయన నిర్ణయిస్తారు.

5. బరువు: వారానికి ఒక్కసారి

థెరపిస్ట్ దగ్గర, ఒకే రోజు, ఒకే మెషిన్. రోజూ నాలుగుసార్లు చూసుకునేవాళ్లకు ఇది నరకంలా ఉంటుంది, అస్సలు చూసుకోనివాళ్లకు ఇంకా ఎక్కువ. ఒక్క వారం అంకెకు అర్థం లేదు, నీళ్లు, నెలసరి, మలబద్ధకం ఏదైనా దాన్ని కదిలిస్తుంది. నాలుగు వారాల గీత చూసి మాట్లాడదాం.

వేళకు తింటే లావైపోతాననే భయం అందరికీ ఉంటుంది. వాంతితో తిన్నదంతా బయటకు పోదు, చాలా భాగం లోపలే ఉండిపోతుంది. విరేచనాల మాత్రలు పనిచేసేది పెద్దపేగులో, అప్పటికే తిండి చిన్నపేగులో ఒంటబట్టి ఉంటుంది, పోయేది నీరే. కాబట్టి బింజ్‌లు తగ్గిన కొద్దీ ఒంట్లోకి వెళ్లేది కూడా తగ్గుతుంది, చాలామందికి బరువు పెద్దగా మారదు.

6. కోరిక లేచిన ఆ గంట

భోజనమైన తర్వాతి గంట, పీజీకి చేరిన తర్వాతి గంట. ఈ రెండే ఎక్కువమందికి కష్టం. కోరిక ఒక ఎత్తుకు లేచి, తర్వాత దానంతట అదే దిగుతుంది, దిగేదాకా గడపాలి.

అప్పుడు ఏం చేయాలో అప్పుడు ఆలోచిస్తే తోచదు. ముందే రాసుకుని అల్మారా తలుపు లోపల అంటించుకోండి. ఆ అమ్మాయి రాసుకున్నవి:

- రూమ్‌మేట్ ఉంటే హాల్లో కూర్చోవడం (బాత్‌రూమ్ ఉన్న గదిలో కాదు)
- తమ్ముడికి ఫోన్, క్రికెట్ గురించే, తిండి గురించి కాదు
- తలస్నానం
- డాబా మీద బట్టలు తీసి మడతపెట్టడం

"ధ్యానం చేస్తాను" అని కూడా రాసింది, కొట్టేయించాను. ఒంటరిగా కళ్లు మూసుకుని కూర్చుంటే తనకు తిండే కనిపిస్తుందని తనే చెప్పింది. చేతులు కదిలేది, పక్కన మనిషి ఉండేది అయితే మంచిది.

బింజ్ అయిపోతే? వాంతిని ఎంత వీలైతే అంత వాయిదా వేయండి, తర్వాతి వేళకు తినాల్సింది మాత్రం తినేయండి. పరిహారంగా మర్నాడు టిఫిన్ మానేయడమే అందరూ చేసే పెద్ద తప్పు, మళ్లీ మంగళవారం మొదలవుతుంది.

7. ముట్టని తిండిని ప్లేట్లోకి తేవడం

వేళలు కుదిరాక, సుమారు ఆరేడు వారాల తర్వాత. మీరు భయపడే తిండి జాబితా రాసి, తక్కువ భయం, ఎక్కువ భయం అని విడదీయండి. తక్కువ భయమున్నదాంతో మొదలుపెట్టి, మనసు బాగున్న రోజు, ముందే అనుకుని, భోజనంలో భాగంగా, వీలైతే ఎవరితోనైనా కలిసి కొంచెం తినండి. ఆ అమ్మాయి జాబితాలో రాత్రి అన్నం, కేక్, బిర్యానీ, పూతరేకులు ఉన్నాయి. రాత్రి పెరుగన్నంతో మొదలైంది. పదో వారంలో క్యాంటీన్ బిర్యానీ తింది, తర్వాత సాయంత్రం టీ, బిస్కెట్లు కూడా మానలేదు. ఆ బిస్కెట్లు తినడమే నాకు బిర్యానీ కన్నా పెద్ద వార్త.

8. తిరగబెట్టకుండా

రెండు మాటలు వేరుగా పెట్టుకోండి: జారడం, తిరగబెట్టడం. ఒక రాత్రి బింజ్ అయితే అది జారడం, దాదాపు అందరికీ జరుగుతుంది. "మళ్లీ మొదటికొచ్చింది" అనుకుని వేళలు వదిలేస్తే అప్పుడు తిరగబెడుతుంది. ఈ రెంటికీ మధ్య ఉండేది ఒక్క పొద్దున.

చివరి మూడు సెషన్లలో ఒక కాగితం రాయిస్తాం. ఒకే పేజీ, సొంత మాటల్లో:

- ముందుగా కనిపించే గుర్తులు: టిఫిన్ మానడం, రోజూ మెషిన్ ఎక్కడం, అద్దంలో పొట్ట పట్టుకుని చూడటం, కేలరీ యాప్ మళ్లీ దించుకోవడం
- నాకు గండం ఉన్న రోజులు: ఎవరి కేలండర్ వాళ్లది. సంక్రాంతికి ఊరు, పెళ్లి విందులు, పెళ్లిచూపులు, ఆఫీసులో రిలీజ్ వారం, జ్వరం వచ్చి తిండి తగ్గిన రోజులు
- గుర్తు కనిపిస్తే ఏం చేస్తాను: ఆ రోజే డైరీ మొదలు, వేళలకు తిరిగి రావడం, ఒక మనిషికి చెప్పడం
- ఎన్నాళ్లు చూస్తాను: రెండు వారాల్లో సర్దుకోకపోతే థెరపిస్ట్‌కు ఫోన్

ఊళ్లో జరిగేది మనకు తెలుసు. గడపలోనే ఒక అత్తయ్య "ఏమే, ఒళ్లు చేశావే" అంటుంది, ఇంకో గంటకు అదే మనిషి "ఇంకో రెండు అరిసెలు వేసుకో, ఏం తింటున్నావని" అంటుంది. వీటికి జవాబు అక్కడ తట్టదు. ఆ అమ్మాయీ నేనూ సెషన్‌లో నాటకంలా ఆడి చూశాం. అత్తయ్య నేను. "ఒకటి తిన్నాను అత్తయ్యా, బాగుంది, సాయంత్రం కాఫీతో ఇంకోటి తింటా" అన్న ఒక్క మాట నోటికి వచ్చేదాకా ఆడాం. ఒళ్లు గురించి అన్నదానికి జవాబే లేదు, అమ్మమ్మ ఎక్కడుంది అని అడిగి లోపలికి వెళ్లడమే.

థెరపీ ముగిసిన 20 వారాలకు ఒక రివ్యూ సెషన్ ఉంటుంది. దానికి ఆ అమ్మాయి రెండు పేజీలు తెచ్చింది, సంక్రాంతివి. కనుమ నాడు రాత్రి 11:00 దగ్గర స్టార్, వా. పక్కన "అబ్బాయి వాళ్లు వచ్చి వెళ్లారు" అని ఉంది. తిప్పితే రెండో పేజీ, మొదటి వరుస: 8:15 – మూడు ఇడ్లీ, కారప్పొడి, నెయ్యి – ఇంట్లో, అమ్మ పక్కన – "తినాలని లేదు. టైమ్ అయింది, తిన్నాను".